తొలగింపుల వార్త వచ్చిన కంపెనీకి మెయిల్ రాయాలా?

"అమెరికాలోని ఒక కంపెనీకి క్లౌడ్ ఖర్చు తగ్గించే మా సేవ గురించి రేపు మెయిల్ పంపాలి. ఈరోజే వాళ్ళు ఉద్యోగుల తొలగింపు ప్రకటించారు. పంపనా, ఆగనా?"

ఆగండి. ముందు ఆ కంపెనీకి వరుసగా వెళ్ళే ఆటోమేటిక్ మెయిళ్ళను ఇప్పుడే ఆపేయండి, పరువు తీసేవి అవే. తర్వాత ఆ రాష్ట్ర కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో వార్న్ నోటీసు వెతకండి. పెద్ద ఎత్తున తొలగించే సంస్థలు సాధారణంగా 60 రోజుల ముందు ఇవ్వాల్సిన నోటీసు అది. ఏ కార్యాలయంలో ఎంతమందో తెలుస్తుంది. మీరు రాయబోయే వ్యక్తి విభాగమే దెబ్బతింటే ఇప్పట్లో రాయకండి. లేదంటే రెండు మూడు వారాలు ఆగి రాయండి. తొలగింపుల ఊసే ఎత్తవద్దు, వాళ్ళ బాధను అమ్మకానికి వాడుకున్నట్టు ఉంటుంది. ఇంత చాలు: "రాత్రిపూట ఊరికే నడిచే టెస్ట్ సర్వర్లను ఆపితే బిల్లు ఎంత తగ్గుతుందో లెక్కకట్టి పంపగలను. ఇప్పుడు వీలుకాకపోతే జవాబివ్వనక్కర్లేదు."