పేజీలు దాటి సాగే స్కాన్ పట్టికను ఒకటిగా కలపడం

స్కాన్ చేసిన పేజీల్లో ప్రతిసారీ శీర్షికలు మళ్లీ వచ్చే పట్టికను ఒకే పట్టికగా ఎలా తీయాలి?

ప్రతి పేజీ వంపును సరిచేసి, మొదటి పేజీలో నిర్ణయించిన నిలువు వరుసల హద్దులతోనే అన్నిటినీ చదివించి, రెండో పేజీ నుంచి శీర్షిక వరుసను తొలగించి, మిగిలినవాటిని క్రమంలో కలపాలి. స్కాన్ చిత్రంలోని అక్షరాలను చదివే ఓసీఆర్ ప్రతి పేజీని విడిగా చూస్తుంది కనుక, ఒక పేజీలో ఖాళీగా ఉన్న నిలువు వరుసను గుర్తించకపోవచ్చు.

ఉదాహరణకు తేదీ, వివరం, జమ, ఖర్చు, నిల్వ అనే నిలువు వరుసలున్న ఖాతాలో మూడో పేజీలో జమలే లేకపోతే, ఖర్చులు జమ కిందికి జరిగిపోవచ్చు. వెనుకటి నిల్వకు జమ కలిపి ఖర్చు తీసివేస్తే ప్రస్తుత నిల్వ రాకపోవడమే ఆ తప్పుకు గుర్తు.

శీర్షికతో అక్షరాలా సరిపోలే వరుసలను తొలగిస్తే చాలుననుకోవడం పొరపాటు. ‘నిల్వ’ను ఒక పేజీలో ‘నిలవ’గా చదివితే ఆ వరుస డేటాలోనే మిగిలిపోతుంది. అందువల్ల వరుస ఉన్న స్థానాన్ని, దగ్గరి పోలికను కలిపి చూడాలి.