బస్సు ఎక్కడం వల్ల కాదమ్మా

నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, అత్తగారిది ఖమ్మం దగ్గర పల్లె. పదకొండో వారం స్కాన్‌లో గుండె చప్పుడు లేదన్నారు. డీఅండ్‌సీ చేసి నెల కావస్తోంది. నాలుగు రోజులకే ఆఫీసుకు వెళ్లిపోయాను. అత్తయ్య "బస్సులో అంత దూరం రావడం వల్లే పోయింది" అంటున్నారు. మా అమ్మేమో "నెలలు నిండాక పోతే ఏమయ్యేది, మళ్లీ వస్తుందిలే" అంటోంది. ఆడపడుచు శ్రీమంతానికి రమ్మంటూనే, గాజులు తొడిగేటప్పుడు దూరంగా ఉండమన్నారు. మా ఆయన అసలు ఆ మాటే ఎత్తరు. స్కాన్ ఫొటో బీరువాలో దాచుకుని, ఎవరూ లేనప్పుడు చూసి ఏడుస్తున్నాను. ఇంకా ఇలా ఉండటం తప్పా?

తప్పు కాదమ్మా. నెల రోజులంటే చాలా తక్కువ సమయం.

ముందు బస్సు సంగతి తేల్చుకుందాం. అత్తగారు పైకి అన్నమాట, రాత్రిళ్లు మీలో మీరు అనుకుంటున్నదే అయి ఉంటుంది. అందుకే అది అంత లోతుగా దిగింది. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, పిండంలో క్రోమోజోముల సంఖ్య తేడా రావడం వల్ల పోతాయి. ఆ తేడా చాలావరకు గర్భం నిలిచిన తొలిరోజుల్లోనే పడిపోతుంది. పైగా గుండె ఆగిన చాలా రోజులకు గానీ స్కాన్‌లో తెలియకపోవడం మామూలే. మిగిలిన కారణాల్లోనూ బస్సు ప్రయాణం, బొప్పాయి ముక్క, నీళ్ల బిందె ఎత్తడం లేవు.

ఇది నేను చెబితే సరిపోదు. డాక్టర్ దగ్గరికి మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. "ప్రయాణం వల్ల ఇలా జరిగిందా?" అని ఆయన ముందే అడగండి. జవాబు ఆయన చెవిన పడాలి. ఎందుకంటే అత్తగారికి చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. "అమ్మా, డాక్టర్‌ని అడిగాం. ప్రయాణం వల్ల కాదన్నారు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు" అని కొడుకు చెబితే గొడవ పెరగదు. అదే మీరంటే ఎదురు మాట్లాడినట్టు అవుతుంది.

మీ అమ్మగారి మాట వేరు. అందులో నింద లేదు, కూతురు ఏడుస్తుంటే చూడలేని తొందర ఉంది. అయినా నొప్పి నొప్పే. మళ్లీ వచ్చే బిడ్డ ఈ బిడ్డ కాదు కదా. ఆమెకు ఏం మాట్లాడాలో తెలియడం లేదు కాబట్టి ఏం చేయాలో మీరే చెప్పండి. "అమ్మా, ఏమీ చెప్పొద్దు. ఈ ఆదివారం వచ్చి చారు, అన్నం పెట్టి నా పక్కన పడుకో" అంటే ఆమె తప్పక చేస్తారు. ఓదార్చడం రాని తల్లులకు వండిపెట్టడం వచ్చు.

శ్రీమంతానికి వెళ్లకండి. పిలిచి పక్కన నిలబెట్టే చోటుకు, అదీ నెల తిరగకుండా, వెళ్లాల్సిన అవసరం లేదు. చీర, గాజులు, పూలు మీ ఆయన చేత పంపండి. మనసు కుదుటపడ్డాక ఆడపడుచును విడిగా చూసి రండి. ఆమె కడుపు చూస్తే మీకు కలిగే బాధ అసూయ కాదు, మీ బిడ్డ గుర్తుకు రావడం.

ఇక మీ ఆయన. ఆ రోజు బిల్లు కట్టడం, మందులు తేవడం, అందరికీ ఫోన్లు చేయడం ఆయన పనే అయి ఉంటుంది. అందరూ "అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగి ఉంటారు. ఆయన సంగతి ఎవరు అడిగారు? ఒక రాత్రి లైటు తీసేశాక, "స్కాన్ గదిలో మీకేమనిపించింది?" అని ఒక్క ప్రశ్న వేయండి. వెంటనే జవాబు రాకపోయినా ఊరుకోండి.

ఆఫీసు గురించి కూడా ఒక మాట. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, అది వర్తించే సంస్థల్లో, గర్భస్రావం జరిగిన మర్నాటి నుంచి 6 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలి. ఇంకా కొన్ని రోజులున్నాయి. డిశ్చార్జ్ కాగితం చూపించి రేపే అడగండి.

రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, లేచి పని చేసుకోలేకపోతున్నా డాక్టర్‌కు చెప్పండి. బతకడం ఎందుకు అనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఆ స్కాన్ ఫొటో దాచుకోండి. ఎవరో పారేయమంటే పారేయకండి. అది షాపు బిల్లు లాంటి కాగితం, వేడికీ వెలుతురుకీ కొన్నేళ్లలో వెలిసిపోతుంది. ఇప్పుడే ఫోన్‌తో దానికో ఫొటో తీసి, మీ ఆయన ఫోన్‌కు కూడా పంపండి.