బాత్రూమ్ ముందు గదికా, వెనక గదికా?

ప్రశ్న: గోపాలపట్నంలో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. నలుగురం ఉంటాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని ఆమె ఉండే ముందు గదికి అటాచ్డ్ బాత్రూమ్ కట్టిద్దామనుకుంటున్నాం. సెప్టిక్ ట్యాంక్ వెనక పెరట్లో ఉంది, ముందు గది నుంచి 45 అడుగులు. ట్యాంక్ ఇన్‌లెట్ గచ్చుకి 14 అంగుళాల కింద ఉంది. ముందు గదికైతే 3.2 లక్షలు, వెనక గదికైతే 1.4 లక్షలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి, నెల ఖర్చు 35 వేలు. ఎఫ్‌డీ కదపకుండా పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. గది ముందే నిర్ణయించేసుకుని, తర్వాత డబ్బు వెతుక్కునే ఈ పద్ధతి చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఇక్కడ గదిని నిర్ణయించాల్సింది పైపు వాటం.

లెట్రిన్ నుంచి వచ్చే నాలుగంగుళాల పైపుకి ప్రతి 40 అడుగులకి ఒక అడుగు వాటం ఇవ్వడం మంచిది. 45 అడుగులకి పదమూడున్నర అంగుళాలు దిగాలి. కమోడ్ దగ్గర పైపు మొదలయ్యేదే గచ్చుకి సుమారు 8 అంగుళాల కింద. రెండూ కలిపితే ఇరవై ఒకటిన్నర. మీ ఇన్‌లెట్ 14 దగ్గరే ఉంది. ఆ తేడా పూడ్చాలంటే బాత్రూమ్ గచ్చు ఏడెనిమిది అంగుళాలు లేపాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి గుమ్మంలోనే మెట్టు కట్టినట్టవుతుంది! వాటం తగ్గించి సర్దేస్తానని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. నీళ్లు వెళ్లి మలం పైపులోనే నిలుస్తుంది, హాలు టైల్స్ కింద జామ్ అయితే మళ్లీ పగలగొట్టాలి. ఇన్‌లెట్ కిందికి దించడమూ కుదరదు, అది ట్యాంక్ అవుట్‌లెట్ కంటే కాస్త ఎత్తులోనే ఉండాలి.

వెనక గది నుంచి ట్యాంక్ 12 అడుగుల దూరంలో ఉందనుకుంటే వాటం మూడున్నర అంగుళాలు దాటి కొంచెం, మొత్తం పన్నెండు లోపే. మెట్టు అక్కర్లేదు. అమ్మగారిని ఆ గదిలోకి మార్చండి, మీరు ముందు గదిలోకి వెళ్లండి. పైపు మలుపు తిరిగే చోట మాత్రం చాంబర్ కట్టించండి.

కొత్త ట్యాంక్ అవసరం లేదు. ట్యాంక్ మీద భారం మనుషుల లెక్కన పడుతుంది కానీ బాత్రూమ్‌ల లెక్కన కాదు, మీరు అదే నలుగురు. అయితే పని మొదలుపెట్టే ముందు, గట్టి వాన పడిన మర్నాడు, ట్యాంకర్ వాళ్లతో మూత తీయించండి. మీరు తొంగిచూడొద్దు, లోపలి గ్యాస్ ప్రాణం తీస్తుంది. నీళ్లు ఇన్‌లెట్ పైపుని ముంచేసి ఉంటే ఇంకుడు గుంత పనిచేయడం లేదన్నమాట. ముందు అది బాగు చేయించాలి.

ఇక డబ్బు. ఎఫ్‌డీ నుంచి 1.4 లక్షలు తీస్తే 1.6 లక్షలు మిగులుతాయి, అంటే నాలుగున్నర నెలల ఖర్చు. అత్యవసర నిధి ఆరు నెలలకి, అంటే 2.1 లక్షలకి, తగ్గకూడదని నా పట్టు. ఇంట్లో పెద్దావిడ ఉన్నప్పుడు మరీను. ఇప్పుడు తాత్కాలికంగా తగ్గే 50 వేలు, నెలకి 10 వేలు వేస్తే ఐదు నెలల్లో పూడుతుంది. ఆ ఐదు నెలలు గీజర్, ఖరీదైన టైల్స్ ఆపండి. బంగారం మీద అప్పు ఇంకుడు గుంత బాగు చేయాల్సి వస్తేనే. పర్సనల్ లోన్ మాట ఇంట్లో ఎవరు ఎత్తినా ఒప్పుకోవద్దు: ఎఫ్‌డీ ఇచ్చే వడ్డీ కంటే అది గుంజే వడ్డీ చాలా ఎక్కువ.