పరీక్షకు 20 నిమిషాల ముందు నెట్ పోతే

"వైఫై గుర్తు ఉంది కానీ నెట్ రావట్లేదు. రేపు ఆన్‌లైన్ పరీక్ష. మళ్లీ ఇలా అయితే ముందు ఏం చూడాలి? – ఒంగోలు నుంచి"

పోయిన సెమిస్టర్‌లో కావలిలో మా తమ్ముడికి ఇదే జరిగింది. పది గంటలకు పరీక్ష, 9:40కి నెట్ పోయింది. టెన్షన్ పడకుండా వాడు ముందు ఫోన్‌ని అదే వైఫైకి కలిపి చూశాడు, అందులోనూ రాలేదు, అంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదని తేలిపోయింది.

తర్వాత ఫైబర్ బాక్స్ లైట్లు చూశాడు. LOS దగ్గర ఎర్ర లైట్ వెలుగుతోంది. దానర్థం బయటి ఫైబర్ నుంచి సిగ్నల్ బాక్స్ దాకా రావట్లేదని, అప్పుడు బాక్స్‌ని ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా లాభం ఉండదు. (ఎర్ర లైట్ లేకుండా పక్కనున్న PON లైట్ పచ్చగా నిలకడగా ఉంటే మాత్రం నువ్వు బాక్స్‌ని ఒకసారి ఆపి, నిమిషం ఆగి మళ్లీ వేసి చూడు.) బల్ల కాలి కింద బాక్స్‌కి వచ్చే సన్నటి పసుపు ఫైబర్ వైరు నలిగి మడత పడి ఉంది, దాన్ని మెల్లగా తీసి సరిచేశాడు. అయినా ఎరుపు పోలేదు. ఇక దాన్ని వదిలేశాడు.

9:48కి ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ నెట్‌ని ఆ కేబుల్ ద్వారానే ల్యాప్‌టాప్‌కి ఇచ్చే USB tethering ఆన్ చేశాడు. హాట్‌స్పాట్ కన్నా ఇదే నయం, ఫోన్ చార్జ్ కూడా అవుతుంది. కాల్ వస్తే డేటా ఆగిపోవచ్చని రెండో సిమ్ ఆపేశాడు, ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు కూడా ఆపి 9:53కి లాగిన్ అయ్యాడు.

నువ్వు ఈ రాత్రే కేబుల్‌తో ఒకసారి కలిపి చూసుకో, కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి.