ఆ మెసేజ్ స్కూల్‌కి కాదు, మీ అత్తకి

"మేడమ్, మాది తిరుపతి, కొర్లగుంట. బాబుకి పన్నెండేళ్లు, ఏడో తరగతి. నేను బట్టల షాపులో పనిచేసి ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. నాలుగున్నర నుంచి అప్పటిదాకా వాడు వాళ్ల అవ్వ ఫోన్‌లో షార్ట్స్ చూస్తుంటాడు. అడిగితే 'స్కూల్ వాళ్లే లింక్ పంపారు' అంటాడు. పిల్లలకి రోజుకి అరగంటకి మించి వీడియో యాప్‌లు వద్దని తల్లిదండ్రులందరికీ చెప్పమని స్కూల్ కోఆర్డినేటర్‌కి ఒక మెసేజ్ రాసిపెట్టుకున్నాను. మీకూ పంపుతున్నాను. మాటలు కటువుగా ఉన్నాయా?"

కటువుగా ఏమీ లేవమ్మా. కానీ పంపకండి.

మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. చివర్లో "ఇంట్లో పెద్దవాళ్లకి కూడా మీరే గట్టిగా చెబితే బాగుంటుంది సర్" అని ఒక్క ముక్క పెట్టారు చూడండి, పైన రాసిన ఇరవై లైన్లూ దాని కోసమే. అత్తతో మీరు అనలేని మాట స్కూల్ సార్‌తో అనిపిద్దామని చూస్తున్నారు. ఆయన గ్రూపులో పెడతాడు, మీ అత్త ఆ గ్రూపులోనే లేదు, ఇక ఎవరికి చెప్పినట్టు?

రోజూ మూడున్నర గంటలు పిల్లాణ్ణి చూసుకుంటూ, నీళ్లొస్తే పట్టుకుంటూ, రాత్రికి వంట చేస్తున్న మనిషి ఆమె. వాడి చేతికి ఫోన్ ఇస్తేనే ఆమెకి కాసేపు నడుం వాల్చే వీలు. ఆమె మీ ఇంట్లో జీతం లేని ఆయా కాదు. "అత్తా, వాడితో నీకు కష్టంగా ఉందా" అని ఎప్పుడైనా అడిగారా? మీ ఉత్తరంలో మీ ఆయన ఊసే లేదు, అది వేరే సంగతి, దానికి మళ్లీ వస్తాను.

ముందు లెక్క చూడండి, చాటుగా కాదు, ఆదివారం మీ అత్తని పక్కన కూర్చోబెట్టుకుని. ఆమెది ఆండ్రాయిడ్ ఫోనే అయితే సెట్టింగ్స్‌లో Digital Wellbeing ఉంటుంది. అందులో యూట్యూబ్ మీద నొక్కితే ఏ రోజు ఎంతసేపు చూశారో కనిపిస్తుంది, చాలా ఫోన్లలో గంటలవారీగా కూడా. టీచర్ పంపిన పాఠం 12 నిమిషాలు, సాయంత్రం ఐదుకీ ఆరుకీ మధ్య యూట్యూబ్ నడిచింది 50 నిమిషాలు అనుకోండి, మిగతా 38 హోంవర్క్ కాదు. యూట్యూబ్ హిస్టరీ కూడా తెరవండి. నిమిషాలు చాలా ఉండి హిస్టరీలో నాలుగు వీడియోలే కనిపిస్తే, వాడు ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ పడని పద్ధతిలో చూస్తుండొచ్చు, లేదా చెరిపేస్తుండొచ్చు. హిస్టరీని దాచగలడు గానీ నిమిషాలు అక్కడ పడిపోతాయి.

ఇది చూడగానే టైమర్ పెట్టేద్దాం అనుకుంటారు. మీ అత్త ఫోన్‌లో పెడితే దెబ్బ ఆమెకే. పొద్దున ఆమె యూట్యూబ్‌లో ఎస్వీబీసీ పెట్టుకుని సుప్రభాతం చూసినా అదే లెక్కలో పడుతుంది, టైమ్ అయిపోతే యూట్యూబ్ గుర్తు బూడిదరంగులోకి మారి అర్ధరాత్రి దాకా తెరుచుకోదు. పైగా ఆ టైమర్‌కి తాళం లేదు, ఏడో తరగతి పిల్లాడు నిమిషంలో తీసేస్తాడు.

మూలన పడేసిన పాత ఫోన్ ఉంటే తీయండి. అందులో మీ ఖాతా, అత్త ఖాతా ఏవీ లేకుండా చూసి, గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో వాడి పేర పిల్లల ఖాతా తెరిచి, యూట్యూబ్‌కి రోజుకి 40 నిమిషాలు పెట్టండి. టీచర్ లింక్ తెరుచుకోకపోతే వయసుకి తగ్గ వీడియోల స్థాయి తక్కువగా పెట్టి ఉండొచ్చు, ఒక మెట్టు పెంచి చూడండి. ఆటోప్లే ఆపండి, అయితే అది పాఠం అయ్యాక తర్వాతి వీడియో రాకుండా ఆపుతుందే గానీ షార్ట్స్‌ని ఆపదు. వాడు అవ్వ ఫోన్ పట్టుకుంటే మాత్రం ఈ కట్టడి ఏదీ పనిచెయ్యదు, ఎందుకంటే అది వాడి ఖాతాని మాత్రమే చూస్తుంది. కాబట్టి ఆమె ఫోన్‌కి లాక్ ఉండాలి, ఆ లాక్ నంబర్ ఆమెకి మాత్రమే తెలియాలి.

అక్కడే మీ అత్త కావాలి. ఆమె వద్దంటే ఇదంతా రెండు రోజుల ముచ్చట. వాడి చేతికి ఫోన్ ఇచ్చే వీలు ఆమె దగ్గర్నుంచి తీసుకుంటున్నప్పుడు బదులుగా ఏమిస్తున్నారు? నాలుగున్నర నుంచి గంటసేపు వాణ్ణి కింద ఆడుకోనివ్వండి, వారానికి రెండు సాయంత్రాలు మీ ఆయన త్వరగా రావాలి. ఆ మాట ఆమె కొడుకుతో మీరే అనండి, ఆమె చేత అనిపించకండి.

స్కూల్‌కి పంపాల్సింది ఇంతే: "సర్, నమస్తే. హోంవర్క్‌కి వీడియో లింక్ పంపినప్పుడు అది ఎన్ని నిమిషాలో, తప్పనిసరో కాదో డైరీలో రాయించగలరా? పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న పాఠాలైతే దీక్ష యాప్‌లోనే చూపిస్తాం, యూట్యూబ్ లింక్ అక్కర్లేదు."

పంపే ముందు ఒకసారి మీ అత్తకి చదివి వినిపించండి.