ఇంప్లాంటు సంగతి తర్వాత, ముందు చిగుళ్ళు

చిరంజీవి మాధవ్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఎక్స్‌రే, రక్తపరీక్ష కాగితం చూశాను. కదులుతున్న రెండు కింది దవడపళ్ళు తీయించేస్తానని, వాటి చోట ఎముకలో బిగించడానికి ఏ కంపెనీ ఇంప్లాంట్లు మంచివో చెప్పమని అడిగావు. రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 ఉన్నవాడికి కంపెనీ పేరు చెప్పి లాభం లేదు. ఎక్స్‌రేలో ఆ రెండు పళ్ళ దగ్గరే కాదు, పక్క పళ్ళ మధ్య కూడా ఎముక దిగిపోయి కనిపిస్తోంది. జబ్బు రెండు పళ్ళది కాదు, నోరంతటిది. పళ్ళు తీసేసినా అది మిగిలే ఉంటుంది.

షుగరుకూ చిగుళ్ళకూ ఉన్న లంకె నీకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. తీపి తింటే పళ్ళు పుచ్చుతాయి, అది వేరే సంగతి. నీ విషయంలో చేటు చేస్తున్నది రక్తంలోని చక్కెర. అది ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే ఒంట్లోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది. చిగురును పంటికి పట్టి ఉంచే కొల్లాజెన్ అలా బిరుసెక్కి, పాడైన చోట కొత్తది రావడం మందగిస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు తమ పని సరిగ్గా చేయలేవు. ఒకసారి మొదలైన వాపు చల్లారాల్సిన సమయానికి చల్లారదు. సూక్ష్మజీవులు చేసే నష్టం కంటే, ఈ ఆరని వాపు ఎముకను కరిగించడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. గార అందరి పళ్ళకూ పడుతుంది. అంతే గారకు షుగరు అదుపులో లేని మనిషి చెల్లించే మూల్యం ఎక్కువ. హెరాల్డ్ లో అనే దంతవైద్యుడు 1993లోనే చిగుళ్ళ జబ్బును మధుమేహం తెచ్చే ఆరో ఉపద్రవం అన్నాడు. అమెరికాలోని పీమా తెగవారిలో జరిగిన పరిశీలనలు అందుకు పెద్ద ఆధారం.

ఇక రెండో దారి, చిగుళ్ళ నుంచి షుగరు వైపు. పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడిన లోతైన సందుల లోపలి గోడ పచ్చిపుండు. నోటి నిండా ఉన్న అలాంటి సందులన్నీ పరిచి చూస్తే ఒకటి నుంచి మూడు తపాలా బిళ్ళలంత పుండు అవుతుంది. అరచేయంత అని కొందరు చెబుతుంటారు, అది అతిశయోక్తి. ఆ కొంచెం పుండు నుంచే వాపు కలిగించే పదార్థాలు రాత్రింబవళ్ళు రక్తంలో కలుస్తూ ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. మాత్రలు మానకపోయినా షుగరు దిగడం లేదంటున్నావు కదా, కారణాల్లో ఇదొకటి కావచ్చు.

చిగుళ్ళు శుభ్రం చేస్తే షుగరు దిగుతుందా అంటే, దిగుతుంది కానీ కొద్దిగానే. చాలా అధ్యయనాలను కలిపి చూస్తే మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 తగ్గుతోంది. 2013లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో ఏమీ తగ్గలేదు. అయితే అందులో చికిత్స తర్వాత కూడా చాలామంది చిగుళ్ళు రక్తం కారుతూనే ఉన్నాయి. వాపు తగ్గనప్పుడు షుగరు ఎందుకు తగ్గుతుంది? చికిత్స చేయించుకున్నామా అన్నది కాదు, రక్తం కారడం ఆగిందా అన్నది చూడాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక మాస్టారి సంగతి చెబుతాను, నీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఆయనకు యాభై దాటాయి, హెచ్‌బీఏ1సీ 9.4. సన్నటి కొలత కడ్డీతో ప్రతి పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు చూశాం. మూడు మిల్లీమీటర్ల వరకూ మామూలే. ఆయనకు చాలా చోట్ల ఆరు, ఏడు. మత్తు సూది ఇచ్చి, ఒకరోజు కుడివైపు, మరో రోజు ఎడమవైపు, చిగురు కింద వేళ్ళకు పట్టిన గారంతా తీశాం. పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్షు వాడటం అద్దం ముందు నేర్పించాం. మూడు నెలలకు చాలా సందులు నాలుగుకు తగ్గాయి, హెచ్‌బీఏ1సీ 8.6 అయింది. అదే సమయంలో ఆయన డాక్టరు మాత్రల మోతాదు మార్చారు, కాబట్టి ఆ ఘనత అంతా చిగుళ్ళకు ఇవ్వలేను. వేళ్ళు చీలే చోట ఎముక పోయిన ఒక దవడపన్ను మాత్రం దక్కలేదు, తీసేశాం. ముందు తీయించేస్తానన్న మరో రెండు గట్టిపడ్డాయి. తీసిన చోట ఇంప్లాంటు, హెచ్‌బీఏ1సీ ఏడున్నరకు దిగాకే వేశాం.

ఎందుకు ఆగామంటే, ఇంప్లాంటు స్క్రూ నిలిచేది దాని చుట్టూ ఎముక అతుక్కుంటేనే. షుగరు ఎక్కువ ఉంటే ఆ అతుకు ఆలస్యం అవుతుంది, గాయం చీము పట్టే అవకాశం పెరుగుతుంది. పక్క పళ్ళ సందుల్లోని సూక్ష్మజీవులు కొత్త స్క్రూ చుట్టూ చేరితే అక్కడా ఎముక కరుగుతుంది, దాన్ని నయం చేయడం పంటి జబ్బు కంటే కష్టం. షుగరు అదుపులో ఉన్నవాళ్ళకు మాత్రం ఇంప్లాంట్లు మిగతావాళ్ళకు నిలిచినట్టే నిలుస్తాయి. ఈ అంకె దాటితే వేయకూడదని అందరూ ఒప్పుకున్న గీత లేదు. ఎనిమిది పైన ఉంటే తొందరలేని పని వాయిదా వేయడం నా పద్ధతి. చీము పట్టి నొప్పి పెడుతున్న పన్ను సంగతి వేరు. ఇన్‌ఫెక్షనే షుగరును పెంచుతుంది కాబట్టి అక్కడ అంకె కోసం ఎదురుచూడకూడదు.

చికిత్సకు ఉదయమే వెళ్ళు, టిఫిను తిని, మామూలు మాత్రలు వేసుకుని. పరగడుపున వెళ్ళే తప్పు చాలామంది చేస్తారు. మత్తు దిగేదాకా రెండు మూడు గంటలు సరిగ్గా తినలేవు, నువ్వు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర షుగరును బాగా దించగలదు. చెమట, వణుకు, గుండెదడ వస్తే వెంటనే చెప్పు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ చూపితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి.

శుభ్రం చేయించుకున్నాక పళ్ళు పొడుగైనట్టు కనిపిస్తాయి, చల్లనీళ్ళకు జివ్వుమంటాయి. వాచిన చిగురు తగ్గి అసలు మట్టానికి వచ్చిందని దానర్థం. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మీ అత్తగారు అన్నారని రాశావు. పళ్ళు అప్పటికే వదులు, గడ్డకట్టిన గార వాటిని పట్టి ఉంచడం వల్ల తెలియలేదు, అంతే. ఆవిడతో వాదనకు దిగకు. నీ సిగరెట్ల సంగతి నాకు తెలియదనుకుంటున్నావు. పొగతాగేవాళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది, అందుకే జబ్బు ముదిరేదాకా బయటపడదు. పొగ చికిత్స ఫలితాన్నీ సగంలోనే ఆపేస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది, చిగుళ్ళ నిపుణుడి దగ్గర సందుల లోతు కొలిపించి ఆ చార్టు ఫొటో నాకు పంపడం. హిమోగ్లోబిన్ కూడా చూపించుకో, రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అంకెను నమ్మలేం. శుభ్రం చేయించిన మూడు నెలల తర్వాతే ఆ పరీక్ష మళ్ళీ చేయించు, అంతకంటే ముందు చేయిస్తే పాత షుగరు లెక్కే ఎక్కువగా కలిసి వస్తుంది. ఆ రెండు పళ్ళలో ఏది తీయాలో చార్టు చూశాక చెబుతాను. అప్పటిదాకా ఎవరు అడిగినా ఇంప్లాంట్లకు అడ్వాన్సు కట్టకు.

మీ పెద్దమ్మ