చాటింగ్ నుంచి మొదటిసారి కలవడం దాకా: ఎప్పుడు అడగాలి, ఏమని అడగాలి?

పది రోజులుగా చాట్ చేస్తున్నాం. ఆమెది అమలాపురం, నాది రాజమండ్రి. కలుద్దామని ఎప్పుడు, ఎలా అడగాలి?

ఇప్పుడే అడగొచ్చు, ఆమె కూడా తనంతట తాను మెసేజ్ పెడుతూ, మీ గురించి ప్రశ్నలు వేస్తుంటే. ముందు ఒకసారి ఫోన్‌లోనో వీడియోలోనో పది నిమిషాలు మాట్లాడండి. ఇద్దరికీ బెరుకు పోతుంది, అవతల ఉన్నది ఎవరో తెలుస్తుంది.

మాట బాగా సాగుతున్నప్పుడు, అందులోంచే అడగాలి. శనివారం కలవాలనుకుంటే మంగళ, బుధవారాల్లోనే అడగండి. ముందురోజు రాత్రి అడిగితే ఆమెకి ఇంట్లో చెప్పుకునే వీలుండదు. ఆమె కాఫీ మాట ఎత్తిందనుకోండి:

"శనివారం మీకు వీలైతే రాజమండ్రి దానవాయిపేటలో కాఫీకి కలుద్దామా? పదకొండింటికి, ఓ గంట చాలు. ఇంత దూరం ఇబ్బందైతే నేనే అటు వస్తాను, చోటు మీరే చెప్పండి."

రోజు, టైము, చోటు మూడూ ఉన్నాయి కాబట్టి జవాబివ్వడం తేలిక. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే "చూద్దాం" అనే వస్తుంది. పగటి పూటే పెట్టండి, చీకటి పడకుండా బస్సెక్కి ఇల్లు చేరొచ్చు. అమలాపురంలోనే కలుద్దామని పట్టుబట్టకండి. అక్కడ ఎవరో ఒక బాబాయో పిన్నో చూస్తారన్న భయం ఆమెకి ఉండొచ్చు. కారులో తీసుకెళ్తాననడం, గోదావరి లంకల వైపు ఏకాంతంగా వెళ్దామనడం మొదటిసారికి అసలు వద్దు.

"ఈ వారం కుదరదు, వచ్చే ఆదివారం చూద్దామా" అంటే ఇష్టం ఉన్నట్టే. "కుదరదండీ" అని ఊరుకుంటే "పర్లేదండీ" అని మామూలు కబుర్లలోకి వెళ్లండి. మళ్లీ ఆమే ఎత్తేదాకా అడగొద్దు.